మందు కంపెనీ లైసెన్స్ నిజమో కాదో ఇచ్చిన ఆఫీసులోనే అడగడం ఎలా (కరీంనగర్‌లో మెడికల్ షాపుల వాళ్లకి, చిన్న ఆస్పత్రుల వాళ్లకి చెప్పిన మాటలు)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను హైదరాబాద్‌లో మందుల కంపెనీల్లో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో 22 ఏళ్లు చేశా, అందులో ఎక్కువ కాలం నా పని ఒకటే, మాకు సరుకు అమ్ముతామని వచ్చేవాళ్లు పట్టుకొచ్చే లైసెన్సులు, సర్టిఫికెట్లు నిజమా కాదా చూడటం. ఇవాళ ఆ ఒక్క పని గురించే మాట్లాడతా. స్టోరేజీ, రేట్లు, డిస్కౌంట్లు, వాటి జోలికి పోను.

ముందు మన తెలంగాణలోనే జరిగింది చెప్తా. 2024 మార్చిలో మన డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు, అదే మనం డీసీఏ అంటాం కదా, వాళ్లు మెగ్ లైఫ్‌సైన్సెస్ అనే పేరుతో ఉన్న మందులు పట్టుకున్నారు. లేబుల్ మీద హిమాచల్ ప్రదేశ్, సిర్మౌర్ జిల్లా అడ్రస్ ఉంది. అందులో యాంటీబయాటిక్స్ ఉన్నాయి. టెస్ట్ చేస్తే లోపల మందు లేదు, చాక్ పౌడర్, స్టార్చ్. తర్వాత తేలింది ఏంటంటే అసలు ఆ పేరుతో కంపెనీయే లేదు. ఫ్యాక్టరీ లేదు, లైసెన్స్ లేదు, లేబుల్ ఒక్కటే ఉంది. కానీ ఆ స్ట్రిప్ మన కౌంటర్ మీద పెడితే మీరుగానీ నేనుగానీ కనుక్కోలేం అండి, నేనైతే కనుక్కోలేను అని ఒప్పుకుంటా. ఎందుకంటే చట్టం లేబుల్ మీద ఏమేం ఉండాలంటుందో, కంపెనీ పేరు, అడ్రస్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, తయారీ లైసెన్స్ నంబర్, ఇవన్నీ ప్రింట్ చేయడానికి కంప్యూటర్ ఒకటి, ప్రింటింగ్ ప్రెస్ ఒకటి ఉంటే చాలు. చూస్తే తేలదు. హిమాచల్‌లో ఆ లైసెన్స్ ఎవరిచ్చి ఉండాలో వాళ్లని అడిగితేనే తేలుతుంది.

ఇందులో మనకేం సంబంధం, డిస్ట్రిబ్యూటర్ ఇచ్చాడు మేం అమ్మాం అని కొందరు అంటారు. చట్టంలో ఉన్నది చెప్తా. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో 17బి సెక్షన్ నకిలీ మందు అంటే ఏంటో చెప్తుంది, అందులో ఒకటి సరిగ్గా ఇదే, లేబుల్ మీద ఉన్న కంపెనీ కల్పితమో, అసలు లేనిదో అయితే అది నకిలీ మందే. లోపల ఏముందో వేరే చూడక్కర్లేదు. 27వ సెక్షన్ ప్రకారం నకిలీ మందు తయారుచేసినా, అమ్మినా, అమ్మడానికి పెట్టుకున్నా కనీసం ఏడేళ్లు, అది వాడి మనిషి చనిపోతే కనీసం పదేళ్లు. మనల్ని కాపాడేది ఒక్కటే, 19వ సెక్షన్‌లో మూడో సబ్ సెక్షన్. అది ఏమంటుందంటే, నేను లైసెన్స్ ఉన్నవాడి దగ్గరే కొన్నాను, తప్పు ఉందని నాకు తెలీదు, తగినంత శ్రద్ధ పెట్టినా తెలుసుకోలేకపోయేవాణ్ణి, సరుకు సరిగ్గా దాచాను అని నిరూపిస్తే శిక్ష పడదు. నిరూపించాల్సింది మనమే, చూసుకోండి. ఆ తగినంత శ్రద్ధ అనే మాట దగ్గరే కోర్టులో కూర్చోబెడతారు, నువ్వేం చూశావ్, ఎవర్ని అడిగావ్, రాతలో ఉందా అని. అందుకే నేను చెప్పేది పేషెంట్ కోసం మొదట, మీ కోసం కూడా.

సరే ఎవర్ని అడగాలి. ఇక్కడే చాలామంది తప్పు ఆఫీసుకి పోతారు. మందు తయారీ లైసెన్స్ ఇచ్చేది ఢిల్లీ కాదు, ఎక్కువ మందులకి ఫ్యాక్టరీ ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ ఇస్తుంది. వ్యాక్సిన్లు, సీరమ్‌లు, సెలైన్ లాంటి పెద్ద సీసాలు, ఇలాంటి కొన్నింటికి మాత్రం రాష్ట్రం ఇచ్చినదానికి కేంద్రం ఆమోదం కూడా కావాలి. ఇప్పుడు స్ట్రిప్ తీసుకుని వెనక్కి తిప్పండి. రెండు పేర్లు ఉంటాయి, మార్కెటెడ్ బై అని ఒకటి, మాన్యుఫ్యాక్చర్డ్ బై అని ఒకటి. మార్కెటెడ్ బై దగ్గర హైదరాబాద్, కూకట్‌పల్లి అని ఉండొచ్చు, అది చూసి మనూరి కంపెనీయే కదా అనుకుని మన డీసీఏని అడిగితే వాళ్ల రికార్డుల్లో తయారీ లైసెన్స్ ఉండదు, ఎందుకుంటుంది, తయారైంది హిమాచల్‌లోని బద్దిలో. మాన్యుఫ్యాక్చర్డ్ బై దగ్గర ఏ ఊరుందో ఆ రాష్ట్రాన్ని అడగాలి. హిమాచల్ అయితే వాళ్ల స్టేట్ డ్రగ్స్ కంట్రోలర్ ఆఫీసు బద్దిలోనే ఉంది, ఉత్తరాఖండ్ అయితే డెహ్రాడూన్, ఆంధ్రా అయితే విజయవాడ.

లైసెన్స్ నంబర్ చూసి కూడా తొందరపడొద్దు. మన జీడిమెట్ల, బొల్లారం వైపు పాత కంపెనీల లైసెన్స్ నంబర్ల మధ్యలో ఇప్పటికీ ఏపీ అని అక్షరాలు ఉంటాయి, రాష్ట్రం విడిపోకముందు ఇచ్చినవి, అదే నంబర్ నడుస్తోంది. ఒక షాపాయన నాకు ఫోన్ చేసి సార్ తెలంగాణ అడ్రస్‌కి ఏపీ నంబర్ ఉంది నకిలీయే అన్నాడు, కాదు అది మంచి కంపెనీ.

ఇక అడగాల్సింది ఏంటో తెలియాలంటే లైసెన్స్ అనే కాగితం ఏం చెప్తుందో, ఏం చెప్పదో తెలియాలి. తయారీ లైసెన్స్ మామూలుగా రెండు రకాల ఫారాల్లో వస్తుంది, ఫారం 25, ఫారం 28. పారాసిటమాల్, మెట్‌ఫార్మిన్, గ్యాస్ బిళ్లలు, ఇలాంటివి ఫారం 25లో. ఇంజెక్షన్లు, వ్యాక్సిన్లు, ఇంకా యాంటీబయాటిక్స్, విటమిన్లు, హార్మోన్లు, ఇవి బిళ్లల రూపంలో ఉన్నా సరే షెడ్యూల్ సి, సి వన్‌లోకి వస్తాయి కాబట్టి ఫారం 28. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో చెప్పబోయే కథలో ఇదే మొదట దొరికింది.

రెండోది, 2017 అక్టోబర్‌లో రూల్స్ మారాయి. అంతకుముందు ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉండేది, కాగితం మీద ఎప్పటివరకో రాసి ఉండేది. ఇప్పుడు లైసెన్స్‌కి ఆఖరి తేదీ అంటూ ఉండదు, ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కడుతూ ఉంటే, మధ్యలో సస్పెండ్‌గానీ క్యాన్సిల్‌గానీ కాకపోతే నడుస్తూనే ఉంటుంది. దీనివల్ల కంపెనీలకి మంచే జరిగింది, కానీ మనకి ఏమైందంటే కాగితం చూసి అది ఇవాళ బతికి ఉందో లేదో చెప్పలేం. 2018లో ఇచ్చిన లైసెన్స్ జిరాక్స్ ఇవాళ తెచ్చి చూపిస్తే అది నిజమైన జిరాక్సే అయ్యుండొచ్చు, లైసెన్స్ మాత్రం ఎప్పుడో సస్పెండ్ అయ్యుండొచ్చు. అది ఆ ఆఫీసు రికార్డులో మాత్రమే ఉంటుంది.

మూడోది, లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఆ కంపెనీ ఏ మందైనా చేసుకోవచ్చని కాదు. ఒక్కో ప్రాడక్ట్‌కి పర్మిషన్ ఉండాలి, లైసెన్స్‌కి ప్రాడక్ట్ లిస్ట్ జతచేసి ఉంటుంది, పేరు, మోతాదు, బిళ్లా సిరప్పా అన్నీ అందులో రాస్తారు. అందుకే నేను కంపెనీ వాళ్లని లైసెన్స్ అడగను, లైసెన్సూ ప్రాడక్ట్ లిస్టూ కలిపి అడుగుతా. మొదటి పేజీ ఒక్కటే పంపి ఊరుకున్నాడంటే మిగతా పేజీలు ఎందుకు పంపలేదో చూడాలి.

ఇప్పుడు కథ. మా మేనల్లుడు ఒక చిన్న ఊళ్లో 30 పడకల నర్సింగ్ హోమ్‌కి ఫార్మసీ చూసుకుంటాడు. ఊరు పేరు, అమ్మినవాళ్ల పేర్లు వద్దులెండి. ఒకరోజు ఫోన్ చేశాడు, మామా సెఫిక్సిమ్ 200 బిళ్లలు వచ్చాయి, మనం కొనే రేట్‌లో సగానికే ఇస్తున్నాడు, కాగితాలన్నీ ఉన్నాయి, 60 బాక్సులు తీసుకున్నా, ఒక్కసారి చూస్తావా అని. తీసుకున్నాక అడిగాడు చూడండి, అయినా అడిగాడు, అదే నయం. నేను చెప్పిన మొదటి మాట, ఒక్క స్ట్రిప్ కూడా ఇవ్వకు, ఆ బాక్సులు వేరే అల్మారాలో పెట్టి తాళం వేసి దాని మీద అమ్మకూడదు అని రాసిన కాగితం అంటించు, ఇవాళ తేదీ వేసి సంతకం పెట్టు అని.

వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. నాలుగు పేజీలు, ఫారం 25 లైసెన్స్ కాపీ ఒకటి, డబ్ల్యూహెచ్‌ఓ జీఎంపీ సర్టిఫికెట్ ఒకటి, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్, డిస్ట్రిబ్యూటర్ హోల్‌సేల్ లైసెన్స్. నేను ఫారం 25 అన్న మాట చూడగానే ఆగిపోయా. సెఫిక్సిమ్ యాంటీబయాటిక్. దానికి ఫారం 28 ఉండాలి కదా. ఇది రుజువు కాదు, కంపెనీకి రెండు ఫారాలూ ఉండి పొరపాటున ఒకటే పంపి ఉండొచ్చు, చాలా కంపెనీలకి రెండూ ఉంటాయి. కానీ ఈ మందు అమ్మేవాడు ఈ మందుకి వర్తించని కాగితం పంపాడంటే ఇక అడగాల్సిందే.

డిస్ట్రిబ్యూటర్ లైసెన్స్ ముందు చూశాం, అది తేలిక. హోల్‌సేల్‌కి 20బి, 21బి ఫారాలు, ఇచ్చేది మన రాష్ట్రమే. మా వాడు వాళ్ల ఏరియా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి లైసెన్స్ నంబర్, షాపు పేరు, అడ్రస్ రాసుకుని వెళ్లాడు, ఆయన రికార్డు తీసి చూసి లైసెన్స్ ఉంది, నడుస్తోంది అన్నాడు. మా వాడు సంతోషపడి ఫోన్ చేశాడు, మామా అంతా కరెక్టే అంట అని. కాదురా, అమ్మినవాడు ఉన్నాడని తేలింది, తయారుచేసినవాడు ఉన్నాడో లేదో ఇంకా తేలలేదు అన్నా. జీఎస్‌టీ నంబర్ సంగతి కూడా అంతే, జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో కొడితే పేరు వస్తుంది, ఆ పేరుతో వ్యాపారం రిజిస్టర్ అయ్యిందని మాత్రమే దాని అర్థం, బట్టల కొట్టుకీ జీఎస్‌టీ ఉంటుంది. మందు తయారుచేయడానికి అనుమతి ఉందని జీఎస్‌టీ వాళ్లు చెప్పరు, చెప్పలేరు.

ఇక ఆ తయారీ రాష్ట్రానికి రాయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్తా, ఇది నేను కొత్తలో చేసిన తప్పు. కాగితం మీదున్న ఫోన్ నంబర్‌కి ఫోన్ చేయొద్దు. సర్టిఫికెట్ కింద ఆఫీసు ఈమెయిల్ ఉంటే దానికి కూడా రాయొద్దు. నకిలీ కాగితం తయారుచేసినవాడు అందులో తన నంబర్ పెట్టుకోలేడా, మీరు ఫోన్ చేస్తే వాడే ఎత్తి ఔనండీ మా లైసెన్సే అని హిందీలో చక్కగా చెప్తాడు, మీరు చెక్ చేశాననుకుంటారు. కొత్తలో నేను అలాగే ఫోన్ చేసి సరేలే అనుకుని ఒక సప్లయర్‌ని పాస్ చేశా, మా పెద్ద మేనేజర్ మళ్లీ వేరే దారిలో అడిగితే ఆ ఫోన్ ఎత్తింది సప్లయర్ మనిషే అని తేలింది. అప్పట్నుంచి నంబర్, మెయిల్ రెండూ ఆ రాష్ట్ర ప్రభుత్వం సైట్ నుంచే తీసుకుంటా, అడ్రస్ చివర gov.in ఉండాలి.

మెయిల్‌లో ఏం రాయించానో చెప్తా. చాలామంది ఈ కంపెనీ మంచిదేనా అని రాస్తారు, అలా అడిగితే ఏ ఆఫీసరూ జవాబివ్వడు, ఇవ్వలేడు కూడా. రికార్డు చూసి ఔను కాదు అని చెప్పగలిగేవి అడగాలి. ఈ నంబర్ లైసెన్స్ మీ ఆఫీసు ఇచ్చిందా, ఇస్తే ఈ పేరుకి, ఈ అడ్రస్‌కేనా. ఇవాళ్టికి అది నడుస్తోందా, రిటెన్షన్ ఫీజు కట్టారా, సస్పెన్షన్ ఏమైనా ఉందా. సెఫిక్సిమ్ 200 మిల్లీగ్రాముల బిళ్లలకి వీళ్లకి పర్మిషన్ ఉందా. జతగా స్ట్రిప్ రెండు వైపులా ఫొటో, బాక్స్ ఫొటో, బిల్లు కాపీ, వాళ్లిచ్చిన లైసెన్స్ పీడీఎఫ్. మన నర్సింగ్ హోమ్ పేరు, మన డ్రగ్ లైసెన్స్ నంబర్, ఎవరు అడుగుతున్నారో స్పష్టంగా. అదే మెయిల్ మన డీసీఏకి కాపీ. ఈ కాపీ పెట్టడం వల్ల రెండు పనులవుతాయి, అవతలి ఆఫీసు కొంచెం త్వరగా కదులుతుంది, మన వైపు మనం ఫలానా తేదీకే అనుమానం వచ్చి అడిగాం అని రికార్డు ఉంటుంది.

జవాబు తొమ్మిదో రోజు వచ్చింది. ఆ నంబర్ నిజమైనదే. కానీ అది వేరే కంపెనీది, వేరే ఊళ్లో ఉంది. మా వాడికి వచ్చిన పేరుతో ఆ ఆఫీసు ఎప్పుడూ లైసెన్స్ ఇవ్వలేదు. అప్పుడు నేను పీడీఎఫ్ మళ్లీ పెద్దది చేసి చూశా, పేరు, అడ్రస్ ఉన్న రెండు లైన్ల అక్షరాలు మిగతా పేజీకంటే కొంచెం నల్లగా, పదునుగా ఉన్నాయి, పాత స్కాన్ మీద కొత్తగా టైప్ చేసినట్టు. ఎవరిదో అసలు లైసెన్స్ తీసుకుని పేరు తుడిచి తమ పేరు పెట్టుకున్నారు. అందుకే నేను నంబర్ ఒక్కటే అడిగితే చాలదంటా, నంబర్, పేరు, అడ్రస్ మూడూ కలిపి అడగాలి. ఈ నంబర్ ఉందా అంటే ఉంది అనే జవాబొచ్చేది, మనం అమ్ముకునేవాళ్లం.

తర్వాత మా వాడు అడిగిన ప్రశ్న, డిస్ట్రిబ్యూటర్ తప్పు ఒప్పుకుని సరుకు వెనక్కి తీసుకుని డబ్బులు ఇచ్చేస్తానంటున్నాడు, ఇచ్చేయనా అని. వద్దండి, ఇది అందరూ చేసే తప్పు. వెనక్కిచ్చేస్తే మన డబ్బు మనకొస్తుంది, ఆ 60 బాక్సులు పక్క మండలంలో ఇంకో షాపుకి పోతాయి, టైఫాయిడ్ వచ్చిన పిల్లాడికి ఎవరో ఒకరు అది వేస్తారు. పైగా మన చేతిలో ఉన్న సాక్ష్యం పోతుంది. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించాం, ఆయన ఫారం 17 ఇచ్చి శాంపిల్ తీసుకున్నాడు, మిగతా సరుకు స్వాధీనం చేసుకున్నాడు. ఎవరి దగ్గర కొన్నావో చెప్పమని చట్టంలో 18ఎ సెక్షన్ కింద అడిగితే మా వాడి దగ్గర బిల్లు ఉంది, బ్యాచ్ నంబర్‌తో సహా, చూపించాడు. డిస్ట్రిబ్యూటర్‌ని అదే అడిగితే అతని దగ్గర బిల్లు లేదు.

ఇక ఆ పీడీఎఫ్‌లో ఉన్న డబ్ల్యూహెచ్‌ఓ జీఎంపీ సర్టిఫికెట్ సంగతి. దీని మీద మనవాళ్లకి చాలా నమ్మకం, డబ్ల్యూహెచ్‌ఓ సర్టిఫైడ్ అండి అంటే అయిపోయింది ఇక. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎవరికీ ఈ సర్టిఫికెట్ ఇవ్వదు. వాళ్లు తయారీ పద్ధతులు ఎలా ఉండాలో రాసి పెట్టారు, దాని ప్రకారం ఈ ఫ్యాక్టరీ ఉందని మన దేశంలోని డ్రగ్ కంట్రోల్ వాళ్లు తనిఖీ చేసి ఇచ్చేదే ఆ సర్టిఫికెట్. కాబట్టి జెనీవాకి మెయిల్ పెట్టి లాభం లేదు, కింద సంతకం చేసిన డ్రగ్ కంట్రోల్ ఆఫీసునే అడగాలి. దానికి తేదీ ఉంటుంది, మామూలుగా మూడేళ్లు. ఏ ప్రాడక్టులకో లిస్టు ఉంటుంది. మీరు కొనే మందు ఆ లిస్టులో లేకపోతే ఆ సర్టిఫికెట్ మీకు సంబంధం లేనిది. డబ్ల్యూహెచ్‌ఓ తానే పరీక్షించి ఒప్పుకున్న మందులు కూడా ఉన్నాయి, దాన్ని ప్రీక్వాలిఫికేషన్ అంటారు, టీబీ, హెచ్‌ఐవీ, మలేరియా మందులు, వ్యాక్సిన్లు లాంటివి, అది వేరే సంగతి, ఆ లిస్టు డబ్ల్యూహెచ్‌ఓ సైట్‌లోనే అందరికీ కనిపిస్తుంది. అందులో పేరు లేకుండా డబ్ల్యూహెచ్‌ఓ అప్రూవ్డ్ అని ఎవరైనా అంటే, మీరు ఏ సర్టిఫికెట్ గురించి మాట్లాడుతున్నారు, ఎవరు సంతకం చేశారు అని అడగండి.

అమెరికా వాళ్ల ఎఫ్‌డీఏ పేరుతో కూడా ఇలాగే తిరుగుతాయి, బంగారు అంచు, గద్ద బొమ్మ ఉన్న రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు. ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్‌కి సర్టిఫికెట్ అంటూ ఏమీ ఇవ్వదు, ఆ మాట వాళ్లే తమ సైట్‌లో రాసి పెట్టారు. ఆ ఫ్రేమ్ కట్టినవి ప్రైవేట్ ఏజెంట్లు డబ్బు తీసుకుని ఇచ్చేవి.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇన్ని అడిగి అన్నీ నిజమని తేలినా మీ చేతిలో ఉన్న సీసా మంచిదని దాని అర్థం కాదు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పిల్లలు దగ్గు సిరప్ తాగి చనిపోయారు, మీ అందరికీ గుర్తుంది, కోల్డ్‌రిఫ్. కాంచీపురం జిల్లాలో స్రేసన్ ఫార్మాస్యూటికల్ చేసింది. ఆ కంపెనీ కల్పితం కాదు, తమిళనాడు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్స్ ఉంది, 2011 నుంచీ ఉంది. ఆగస్టులో ఎవరైనా షాపాయన చెన్నైకి మెయిల్ పెట్టి అడిగి ఉంటే లైసెన్స్ ఉందనే జవాబొచ్చేది. కానీ ఎస్‌ఆర్-13 బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం దొరికింది, ఉండదగ్గది 0.1 శాతం లోపు. లైసెన్స్ క్యాన్సిల్ చేసింది అక్టోబర్‌లో, పిల్లలు పోయాక. నాకు మనవడున్నాడు, ఆ వార్తలు చదివిన రోజుల్లో నిద్ర పట్టలేదు.

కాబట్టి లైసెన్స్ అడగడం ఒక పని, బ్యాచ్ చూసుకోవడం ఇంకో పని. బ్యాచ్ సంగతి లైసెన్స్ ఇచ్చిన ఆఫీసుకి తెలీదు, వాళ్ల దగ్గర ప్రతి బ్యాచ్ రికార్డు ఉండదు. దానికి రెండు దార్లున్నాయి. ఒకటి, ప్రతి నెలా కేంద్రం వాళ్లు cdsco.gov.in లో నాణ్యత లేని మందుల లిస్టు పెడతారు, మందు పేరు, బ్యాచ్ నంబర్, కంపెనీ, ఏ టెస్ట్‌లో ఫెయిలైందో ఉంటుంది. మన డీసీఏ కూడా అలర్ట్‌లు ఇస్తుంది, ఆ కోల్డ్‌రిఫ్ బ్యాచ్ మీద మనవాళ్లు కూడా ఇచ్చారు. నెలకి ఒకరోజు కూర్చుని మీ స్టాక్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని బ్యాచ్ నంబర్లు చూసుకుంటే అరగంట పని. ఆ లిస్టుల్లో కొన్ని పేర్ల పక్కన ఒక రిమార్క్ కనిపిస్తుంది, లేబుల్ మీదున్న కంపెనీ ఈ బ్యాచ్ మేం తయారుచేయలేదు అని చెప్పింది అని. అంటే పెద్ద కంపెనీ పేరు వాడుకుని ఇంకెవరో చేశారు. రెండో దారి అదే, అనుమానం వస్తే కంపెనీ క్వాలిటీ వాళ్లకే రాసి ఈ బ్యాచ్ మీదేనా, ఈ తేదీలేనా అని అడగడం. ఆ అడ్రస్ కూడా స్ట్రిప్ మీద నుంచి కాకుండా వేరే చోట నుంచి తీసుకోండి.

అడగండి, ఎవరో చెయ్యెత్తారు.

(ఒక షాపు యజమాని: సార్, ఇప్పుడు క్యూఆర్ కోడ్ వస్తోంది కదా, అది స్కాన్ చేస్తే సరిపోదా?)

మంచి ప్రశ్న అన్నా. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకి క్యూఆర్ లేదా బార్‌కోడ్ తప్పనిసరి చేశారు, అన్ని మందులకీ కాదు. స్కాన్ చేస్తే కంపెనీ పేరు, బ్యాచ్, తేదీలు, తయారీ లైసెన్స్ నంబర్ కనిపించాలి. కనిపించినవి స్ట్రిప్ మీద ఉన్నవాటితో సరిపోకపోతే వెంటనే పక్కన పెట్టండి, దానికి బాగా పనికొస్తుంది. కానీ సరిపోతే అసలుదే అనుకోవద్దు. క్యూఆర్ కూడా ముద్రే, లేబుల్ కాపీ కొట్టేవాడు దాన్ని కూడా కాపీ కొడతాడు, ఒకటే కోడ్ వెయ్యి బాక్సుల మీద వేస్తాడు. కోడ్ మీకు చెప్పేది కంపెనీ చెప్పుకున్న మాట, ప్రభుత్వం చెప్పిన మాట కాదు.

(ఒక ఫార్మసిస్ట్: ఆన్‌లైన్‌లో లైసెన్స్ వెతుక్కునే సైట్ లేదా సార్, మెయిల్ పెట్టకుండా?)

ఉందమ్మా, statedrugs.gov.in అని, రాష్ట్రాల లైసెన్సులన్నీ ఒకచోటికి తేవాలని పెట్టింది. మన డీసీఏకి dca.telangana.gov.in ఉంది. ముందు అక్కడ చూడటం మంచిదే. కానీ పాత లైసెన్సులు అన్ని రాష్ట్రాలవీ అందులోకి పూర్తిగా ఎక్కలేదు, కాబట్టి వెతికితే దొరకలేదు కాబట్టి నకిలీ అని కంపెనీ మీద మాట అనేయొద్దు, దొరకలేదంటే మెయిల్ పెట్టాలని అర్థం. దొరికితే ఆ పేజీని తేదీ కనిపించేలా ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టు, స్క్రీన్ మీద చూశానంటే రేపు ఎవరూ నమ్మరు.

(వెనక నుంచి ఇంకొకరు: మెయిల్‌కి జవాబే రాకపోతే ఏం చేయాలి సార్? తొమ్మిది రోజులు అన్నారు, మాకైతే నెల కూడా రాదు.)

నిజమే, రాని సందర్భాలు నాకూ ఉన్నాయి. వారం చూసి మళ్లీ అదే మెయిల్ కింద రాయండి, కొత్త మెయిల్ వద్దు, పాత తేదీ కనపడాలి. ఆ ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి ఉదయం పదకొండు దాటాక ఫోన్ చేయండి. రాకపోతే మీ ఏరియా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, ఆయన ఆఫీసు నుంచి ఆ రాష్ట్ర ఆఫీసుకి పోయే లెటర్‌కి మన మెయిల్‌కంటే బరువెక్కువ. మన డీసీఏ టోల్ ఫ్రీ ఉంది, 1800-599-6969, పని రోజుల్లో పగటిపూట ఎత్తుతారు. ఆఖరికి సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి, అక్కడ కూడా లైసెన్స్ ఉందా, నడుస్తోందా అనే అడగండి, తయారీ ఫార్ములా లాంటివి అడిగితే వ్యాపార రహస్యమని తిప్పి పంపుతారు. జవాబు వచ్చేదాకా ఆ సరుకు అల్మారాలోనే ఉండాలి. రేటు సగానికి వచ్చిందన్న సరుకు నెల ఆగితే మీకు పోయేది ఆ నెల వడ్డీ, అసలు మొదటిసారి కొనే కంపెనీ అయితే ఆర్డర్ పెట్టకముందే ఈ మెయిల్ పెట్టేస్తే ఆ వడ్డీ కూడా పోదు.